నాన్న ట్యాబ్‌లో తీసేస్తే నా ఫోన్‌లో ఎందుకు పోయాయి?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది జగ్గయ్యపేట. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారికి 74 ఏళ్లు, రిటైర్డ్ టీచరు. మనవరాలి ఫోటోలు చూసుకుంటారని ట్యాబ్ కొనిచ్చి, దాంట్లో నా గూగుల్ ఖాతాతోనే లాగిన్ చేసి పెట్టాను. రోజూ చూసుకుంటున్నారు. మొన్న ఫోన్‌లో, ‘‘ఒకే ఫోటో నాలుగైదు సార్లు ఉందిరా, అడ్డమైనవన్నీ తీసేసి శుభ్రం చేశాను’’ అన్నారు. చూస్తే పోయిన నెల జరిగిన పాప బారసాల ఫోటోలు సగం నా ఫోన్‌లో కూడా లేవు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. అవి మళ్లీ వస్తాయా?
- ఒక పాఠకుడు, జగ్గయ్యపేట

జవాబు: వస్తాయి. ఆవిడకు చెప్పేలోపే తెచ్చేసుకోవచ్చు. మీ ఫోన్‌లో గూగుల్ ఫోటోస్ తెరిచి, Collections నొక్కి, అందులో Bin అనే డబ్బా తెరవండి. క్లౌడ్‌లోకి ఎక్కిన ఫోటోను తీసేస్తే అది 60 రోజులు ఆ డబ్బాలో ఉంటుంది. కావలసిన వాటిని ఎంచుకుని Restore నొక్కితే పాత చోటికే, పాత తేదీ కిందికే వచ్చేస్తాయి. నాన్నగారు తీసేసింది మొన్ననే కాబట్టి గడువు ఉంది. 60 రోజులు దాటితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఇంకో జాగ్రత్త, నాన్నగారు అటు ఆ Bin కూడా శుభ్రం చేయకముందే ఈ పని చేయండి. శుభ్రత అలవాటున్నవాళ్లు చెత్తబుట్టనూ వదలరు.

ఇక ఎందుకు పోయాయంటే, ఆ ఫోటోలు నాన్నగారి ట్యాబ్‌లో ఎప్పుడూ లేవు. అవి ఉన్నది మీ ఖాతాలో. మీ ఫోన్, ఆయన ట్యాబ్ రెండూ ఆ ఒక్క ఖాతాలోకే చూస్తున్నాయి. ఎక్కడ నుంచి తీసినా తీసేది ఖాతా నుంచే. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు మీరు చూసే హక్కు ఒక్కటే ఇచ్చాననుకున్నారు, నిజానికి ఇచ్చింది యజమాని హక్కు. పైగా మీ జీమెయిల్, మీరు తీసుకున్న బ్యాంకు కాగితాల స్క్రీన్‌షాట్లు కూడా ఆ ట్యాబ్‌లోనే కనపడుతుంటాయి. పక్కింటి పిల్లలు ఆటలకని ఆ ట్యాబ్ తీసుకున్నారంటే అవీ వాళ్ల చేతికి వెళ్లినట్టే.

అందుకని ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పూట కూర్చుని ఇలా చేయండి. ముందుగా ట్యాబ్‌లోంచి మీ ఖాతాను తీసేయండి (సెట్టింగ్స్‌లో ఖాతాల దగ్గర Remove account అని ఉంటుంది, దీనివల్ల ఫోటోలు పోవు, ట్యాబ్‌కు వాటి దారి మూసుకుంటుందంతే). తర్వాత నాన్నగారి పేరు మీదే ఒక జీమెయిల్ ఖాతా తెరవండి. ఓటీపీ ఆయన ఫోన్‌కు వస్తుంది, అది చూసి కొట్టండి. రికవరీ నంబరుగా మాత్రం మీది ఇవ్వండి. పాస్‌వర్డ్ మరిచిపోతే రాత్రి పదింటికి ఫోన్ వచ్చేది ఎటూ మీకే.

ఆ ఖాతాతో ట్యాబ్‌లో గూగుల్ ఫోటోస్ తెరవగానే బ్యాకప్ చేయమంటారా అని అడుగుతుంది. వద్దనండి. ట్యాబ్‌లో వాట్సాప్ ఉంటే పొద్దున్నే వచ్చే శుభోదయాలు, దేవుడి పటాలు పొరపాటున క్లౌడ్‌కెక్కి, ఉచితంగా వచ్చే 15 జీబీని తినేస్తాయి. ఆ 15 జీబీ ఫోటోలకే కాదు, జీమెయిల్‌కూ డ్రైవ్‌కూ కలిపి. 2021 జూన్ 1కి ముందు ఫోటోలను కాస్త కుదించి పెట్టుకుంటే లెక్కలోకి రాకపోయేవి. ఇప్పుడు ప్రతిదీ లెక్కే.

ఇప్పుడు అసలు పని మీ ఫోన్‌లో చేయాలి. ‘‘నాన్నకి’’ అని ఒక ఆల్బమ్ పెట్టండి. ఫోటోలు చేర్చేటప్పుడు Select people & pets అనే అవకాశం కనపడుతుంది. దాంట్లో పాప ముఖాన్ని ఎంచుకుంటే, ఇకమీద మీ ఫోన్‌లో పాప కనపడే ప్రతి ఫోటో దానంతటదే ఆ ఆల్బమ్‌లో చేరుతుంది. రోజూ పంపించే శ్రమ ఉండదు. కానీ పాప ఉన్న ప్రతి ఫోటో అంటే ప్రతి ఫోటోనే, స్నానం చేయిస్తూ తీసినది కూడా. నలుగురు చూసే ఆల్బమ్‌లో అలాంటివి వద్దనుకుంటే ఆటోమేటిక్ వదిలేసి, వారానికోసారి మీరే ఏరి పెట్టండి. నా ఓటు ఏరి పెట్టడానికే. వెయ్యి ఫోటోలు చూసి అలసిపోయే పెద్దాయనకు యాభై మంచివి చాలు.

ఆల్బమ్‌ను Share నొక్కి నాన్నగారి జీమెయిల్ అడ్రస్‌కు పంపండి. తర్వాత ఆల్బమ్ Options లోకి వెళ్లి రెండు చోట్ల చూడాలి. లింక్‌తో పంచుకునేది ఆపేయండి, లేకపోతే లింకు ఎవరి చేతికి పడితే వాళ్లు చూడొచ్చు. Collaborate అన్నది కూడా ఆపేయండి. అది ఆపితే నాన్నగారు చూడగలరు, మెచ్చుకోగలరు, అంతే. ఇకమీద ఆయన ఎంత శుభ్రం చేసినా మీ ఖాతాలో ఒక్క ఫోటో కదలదు. ఆ ఫోటోలు లెక్కకొచ్చేది మీ 15 జీబీలోనే, ఆయన ఖాతా ఖాళీగానే ఉంటుంది. కాకపోతే ఆల్బమ్‌లో కనపడే ‘సేవ్’ బొత్తాన్ని ఆయన నొక్కితే దాని నకలు ఒకటి ఆయన ఖాతాలోకి వెళ్లి అక్కడ జాగా పట్టుకుంటుంది. నొక్కొద్దని చెప్పండి.

గూగుల్ ఫోటోస్‌లో పార్ట్‌నర్ షేరింగ్ అని ఇంకో పద్ధతి ఉంది. పరిమితి ఏదీ పెట్టకపోతే మీ ఖాతాలోవన్నీ ఆయనకు వెళ్లిపోతాయి. భార్యాభర్తలకు బాగుంటుందేమో కానీ, నాన్నగారికి మీ ఆఫీసు కాగితాల ఫోటోలు, దవాఖానా రిపోర్టులు ఎందుకు చెప్పండి? ఆల్బమే మేలు.

ప్రశ్న: నేను నందిగామలో ఒక్కదాన్నే ఉంటాను. వయసు 69. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. తను ట్యాబ్ పంపించి, ఫోటోలు చూసుకోమని ఆల్బమ్ పెట్టింది. ఒక్కోసారి బాగానే కనపడతాయి. ఒక్కోసారి బూడిదరంగు గళ్లు వచ్చి ఊరుకుంటాయి. వేలు పెట్టగానే ఫోటో తెరుచుకోకుండా నీలం టిక్కు పడుతుంది. భయమేసి మూసేస్తాను. ఆ క్లౌడ్ ఏదో చెడిపోతే మా పిల్లల ఫోటోలు పోతాయా? మున్నేరు పొంగి రోడ్డు మునిగినప్పుడు ఇంట్లో నెట్టే లేదు.
- ఒక అమ్మమ్మ, నందిగామ

జవాబు: ముందు ఆ టిక్కు సంగతి చూద్దాం అమ్మా. మీ వేలు తప్పు చేయడంలేదు, ఎక్కువసేపు నిలబడుతోంది. ఈ తెరల్లో చిన్న తాకిడి అంటే ‘తెరువు’ అని, నిలబెట్టి నొక్కితే ‘ఎంచుకో’ అని అర్థం. అది వచ్చినప్పుడు కంగారు పడకుండా ట్యాబ్ వెనక్కి బొత్తాన్ని ఒకసారి నొక్కితే టిక్కు పోతుంది. శాశ్వతంగా సరిచేయాలంటే, అమ్మాయి వచ్చినప్పుడో, తెలిసిన పిల్లలు ఎవరైనా వచ్చినప్పుడో సెట్టింగ్స్ పైన వెతికే గడిలో Touch & hold delay అని కొట్టి, అక్కడ Long ఎంచమనండి. అప్పుడు మీ వేలు కాస్త ఆగినా ట్యాబ్ ఓపిక పడుతుంది. ఆ చేత్తోనే సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి, భాషను తెలుగు చేయించుకోండి.

బూడిదరంగు గళ్లంటే ఫోటో ఇంకా మీ దాకా రాలేదని. ఫోటో ఉన్నది ట్యాబ్‌లో కాదు కనుక నెట్ ద్వారా రావాలి. తెర పైన విసనకర్ర ఆకారంలో వైఫై గుర్తు చూడండి. గుర్తు లేకపోతే ట్యాబ్ వైఫై పట్టుకోలేదు. గుర్తు ఉండి పక్కన ఆశ్చర్యార్థకం కనపడితే, ట్యాబ్ మీ ఇంట్లోని పెట్టెను పట్టుకుంది కానీ పెట్టెకు బయటి నుంచి నెట్ రావడంలేదు. అప్పుడు పెట్టె ప్లగ్ తీసి, నిమిషం ఆగి, మళ్లీ పెట్టండి. రెండు మూడు నిమిషాల్లో వస్తుంది. అప్పటికీ రాకపోతే తప్పు కేబుల్ వాళ్లది, మీ ట్యాబ్‌ది కాదు.

అదీ బాగానే ఉండి, యూట్యూబ్ పాటలు వస్తూ, ఫోటోలు మాత్రం కనపడకపోతే తెర పైన కుడిచేతి మూలలో ఉన్న గుండ్రని బొమ్మను ముట్టుకోండి. ఎవరి ఖాతా తెరిచి ఉందో అక్కడ పేరు వస్తుంది. ట్యాబ్‌లో రెండు ఖాతాలుంటే ఆల్బమ్ ఒకదాంట్లోనే ఉంటుంది. అమ్మాయి అమెరికాలో కొని తన ఖాతాతో సరిచేసి పంపిన ట్యాబుల్లో ఇది మామూలే. మీ పేరున్నదాన్ని ముట్టుకుంటే సరి.

మున్నేరు విషయానికొస్తే, 2023 జులై చివర్లో ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లొచ్చి బళ్లు ఆగిపోయిన రోజులు మీ ఊళ్లో అందరికీ గుర్తే. అలాంటప్పుడు మీకు ఫోటోలు కనపడవు, కానీ పోవు. అవి గూగుల్ వాళ్ల కంప్యూటర్లలో ఒకటికి మించిన నకళ్లుగా ఉంటాయి. కేబుల్ తెగితే తెగింది మీ దారే. ట్యాబ్ కింద పడి పగిలినా, కొత్త ట్యాబ్‌లో మీ ఖాతాతో లాగిన్ చేస్తే ఆల్బమ్ అలాగే ఉంటుంది.

అయితే పోయే దారులు వేరే ఉన్నాయి, అవి అమ్మాయికి చెప్పండి. ఆల్బమ్ తన ఖాతాలోది కనుక తను ఫోటో తీసేస్తే మీ దగ్గరా పోతుంది. తన జాగా నిండిపోయి రెండేళ్లు అలాగే వదిలేసినా, ఖాతాను రెండేళ్లు అసలు తెరవకపోయినా గూగుల్ అందులోవి తీసేయవచ్చు. అందుకే నాకు క్లౌడ్ మీద నమ్మకం ఉన్నా, బాగా ఇష్టమైన ఓ ఇరవై ఫోటోలు నందిగామలోని ఏదైనా స్టూడియోలో కాగితం మీద వేయించుకోమంటాను. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మాత్రం ఇవ్వకండి. అది పంపేటప్పుడే కుదించుకుపోయి ఉంటుంది, కొంచెం పెద్ద సైజులో వేయిస్తే ముఖాలు మసకబారతాయి. ఆల్బమ్‌లో ఉన్న ఫోటోను డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇప్పించండి.

ప్రశ్న: మా నాన్నగారి ఫోన్‌కు ‘‘మీ క్లౌడ్ నిండిపోయింది, ఫోటోలు ఈ రాత్రికి తొలగిస్తాం, వెంటనే ఈ లింక్ నొక్కి చెల్లించండి’’ అని మెసేజ్ వచ్చింది. ఆయన ట్యాబ్‌లో ఉన్నవన్నీ నేను షేర్ చేసినవే. నిజమేనా?
- ఒక పాఠకురాలు, పెనుగంచిప్రోలు

జవాబు: అబద్ధం. మీరు షేర్ చేసినవి ఆయన జాగాలో లేవు గనుక వాటితో ఆయన క్లౌడ్ నిండే ప్రసక్తే లేదు. నిజంగా జాగా నిండినా గూగుల్ రాత్రికి రాత్రి ఏదీ తీసేయదు. నిండిందో లేదో చూడాలంటే లింకు అక్కర్లేదు, గూగుల్ ఫోటోస్‌లోనే కుడిమూల గుండ్రని బొమ్మ నొక్కితే ఎంత వాడారో చూపిస్తుంది. మెసేజ్ తీసేయించండి. ఒకవేళ ఆయన అప్పటికే లింకు నొక్కి కార్డు నంబరో ఓటీపీయో ఇచ్చి ఉంటే, ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోయిన మొదటి గంటల్లో చెబితేనే ఆపగలిగే అవకాశం ఎక్కువ. ‘‘మా అబ్బాయి వచ్చాక చూద్దాం’’ అని ఆదివారం దాకా ఆగకండి.