కాకికి చూరీ ఎందుకు పెట్టింది?

చోడవరం నుంచి ఉత్తరం రాసిన చెల్లీ, మీ ఆయన మిలిటరీ ఉద్యోగం పంజాబులో ఉన్నన్నాళ్లూ పక్క క్వార్టర్సులోని ఆవిడ పాడిన టప్పాలు పుస్తకంలో రాసుకున్నానన్నావు. అవన్నీ దూరమైన మనిషి కోసం పడే బెంగ పాటలే. అమెరికాలో పెరుగుతున్న మేనకోడలికి వాటిని ఇంగ్లీషులో చెప్పబోతే చప్పబడిపోతున్నాయని బాధపడ్డావు. ఎక్కడ జారిపోతున్నాయో చూద్దాం రా.

టప్పాలో ముందు ఒక పొట్టి ముక్క, వెనక ఒక నిండు పాదం ఉంటాయి. రెండింటి చివరా ప్రాస కలుస్తుంది. పొట్టి ముక్కలో ఏదో ఒక బావి, చెట్టు లేదా రైలు కనిపిస్తుంది. అసలు గోడు వెనక పాదంలో ఉంటుంది. చాలాసార్లు ఈ రెండింటికీ అర్థంలో చుట్టరికమే ఉండదు, ప్రాస కోసమే బావి వచ్చి కూర్చుంటుంది. అందుకని ముందు ఒక పరీక్ష పెట్టు. బావి తీసేసి చెట్టు పెడితే వెనక పాదానికి ఏమైనా నష్టమా? నష్టం లేకపోతే ఇంగ్లీషులో ఆ ముక్కను విడిగా, పొట్టిగా రాసి చుక్క పెట్టెయ్. 'బావిలాగే నా మనసూ' అంటూ లేని పోలిక అంటించకు. పాటలో లేని కవిత్వం మనం పోసినట్టవుతుంది.

నష్టం ఉంటే మాత్రం ఆ ముక్కకే ఎక్కువ శ్రమ పడాలి. ఉదాహరణకి, పంజాబీ పాటల్లో తరచూ కనిపించే కాకి. అది మిద్దె పిట్టగోడ మీద వాలి అరుస్తుంది, పాటలోని పిల్ల దానికి చూరీ పెడుతుంది. కాకి అరిస్తే చుట్టాలొస్తారని మన ఇళ్లలోనూ అంటాం కాబట్టి నీకు వెంటనే తెలిసిపోయింది. నీ మేనకోడలు చదివే ఇంగ్లీషు కథల్లో కాకి చావుకో కీడుకో గుర్తు. 'ఎ క్రో ఆన్ ద పారపెట్' అని వదిలేస్తే ఆ పిల్లకి కోట గోడ, అపశకునం కనిపిస్తాయి. పారపెట్ బదులు 'రూఫ్ ఎడ్జ్' అను, ఇల్లు ఇల్లులా ఉంటుంది. శకునం సంగతి కింద నోట్సులో వివరించకుండా, ఆమె చేసే పనిలోనే కలిపి చెప్పు: అతని కబురు కోసం కాకికి పెడుతోంది అని. 'ఫర్ న్యూస్ ఆఫ్ హిమ్' అన్న నాలుగు మాటలు చాలు.

ఇక చూరీ. వేడి రొట్టెను నెయ్యి, చక్కెర వేసి చేత్తో నలిపితే అది చూరీ. 'బ్రెడ్ క్రంబ్స్' అంటే ఎంగిలి మెతుకులైపోతుంది. పంజాబీ ప్రేమకథలోని హీర్, గేదెలు కాస్తున్న రాంఝాకి దాచి తీసుకెళ్లింది చూరీయే. ప్రియుడికి పెట్టాల్సింది కాకికి పెడుతోందంటే ఆ పిల్ల ఎంతగా ఎదురుచూస్తోందో చూడు. అందుకే నెయ్యీ చక్కెరా ఇంగ్లీషులోకి కూడా రావాలి.

'మాహీ' అన్న పిలుపుని 'బిలవెడ్' అని మార్చావు. ఆ మాటకి మొదట గేదెలు కాసేవాడని అర్థం. హీర్ పుట్టింటి గేదెలను రాంఝా కాశాడు, అలా అది ప్రియుడి పేరైంది. మన ఉత్తరాంధ్ర పాటలో 'మావా' అన్నదాన్ని 'అంకుల్' అని రాస్తే ఎలా ఉంటుందో ఊహించు. మాహీని పేరులాగే ఉంచు. అదే పాటలో గేదెల ప్రస్తావన వస్తే దాన్ని మాత్రం వదలకు.

'లామ్' అని రాసుకున్నది యుద్ధరంగం. మొదటి ప్రపంచ యుద్ధానికి పంజాబు పల్లెల నుంచి లక్షల మంది వెళ్లారు. రంగూన్ వెళ్లిన మనవాళ్ల కోసం ఈ తీరంలో ఆడవాళ్లు ఎదురుచూసినట్టే అక్కడివాళ్లూ చూశారు. అలాంటి టప్పాలో 'హి ఈజ్ ఫార్ అవే' అంటే సరిపోదు, 'వార్' అన్న మాట పడాలి. ఊళ్లో పనికెళ్లినవాడి కోసం పడే బెంగ వేరు, తిరిగొస్తాడో రాడో తెలియనివాడి కోసం పడే భయం వేరు.

ఈ పని ముందే చేసినాయన దేవేంద్ర సత్యార్థి. 1908లో పంజాబులోని భదౌర్‌లో పుట్టి, దేశమంతా తిరిగి జానపద గీతాలు సేకరించారు. ఇంగ్లీషులో ఆయన తెచ్చిన పుస్తకం 'మీట్ మై పీపుల్'. దొరికితే చదువు.

ప్రాస మాత్రం ఇంగ్లీషులోకి రాదు, దాని కోసం మాటలు వంచకు. చివర సాగదీసే రాగమూ రాదు. పాడే గొంతు రికార్డు ఉంటే ముందు అది వినిపించి, తర్వాత నీ రెండు పాదాలూ చదువు. వినగానే మేనకోడల్ని రెండే అడుగు: ఎవరు దూరమయ్యారు, ఈమె ఏం చేసింది? రెండూ చెప్పగలిగితే పాట దాటినట్టే. 'కాకెందుకు?' అని తిరిగి అడిగితే ఆ ఒక్క ముక్కే మళ్లీ రాయి, మిగతాది కదపకు.