మంట తగ్గింది కదా అని మానేయకు, చెల్లీ!

నోట్లో మంట అనగానే మన ఇళ్లలో ముందు వచ్చే మాట “వేడి చేసింది” అనే. రెండు రోజులు మజ్జిగ తాగుతాం, మందుల షాపులో బీ కాంప్లెక్స్ మాత్రలు తెచ్చుకుంటాం, పుండు మీద కాస్త తేనె రాస్తాం. మామూలు నోటి పూత అయితే వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే మానిపోతుంది. అలా మానకుండా నెలల తరబడి సతాయించే మంట ఇంకొకటుంది చెల్లీ. మా పెద్దొదినకి వచ్చింది అదే.

వదినకి యాభై దాటాయి. మొదట ఆవకాయ పడలేదు, తర్వాత చారు పడలేదు, చివరికి టూత్‌పేస్టు తగిలినా మండేది. చిగుళ్లు ఎర్రగా కమిలిపోయి, బ్రష్ పెడితే రక్తం వచ్చేది. దాంతో బ్రష్ పక్కన పడేసి నీళ్లతో పుక్కిలించి ఊరుకునేది. పళ్లకు గార పట్టి, చిగుళ్లు ఇంకా వాచాయి. చివరికి పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ చూసింది చిగుళ్లొక్కటే కాదు. చిన్న అద్దంతో బుగ్గను పక్కకు లాగి, లోపల వెనక దవడ పళ్ల దగ్గర చూసింది. అక్కడ సన్నటి తెల్ల గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, పిండితో వేసిన ముగ్గులా ఉన్నాయి. రెండో బుగ్గలోనూ అలాగే. గీతల మధ్య అక్కడక్కడా ఎర్రగా ఒరిసిపోయిన చోట్లు. వదినకి మంట పుట్టిస్తున్నవి ఆ ఎర్రటి చోట్లే. తెల్ల గీతలు మామూలుగా నొప్పి పెట్టవు. అందుకే చాలామందికి అవి ఉన్నట్టే తెలియదు.

దీన్ని ఓరల్ లైకెన్ ప్లానస్ అంటారు. మన ఒంట్లోని రక్షణ కణాలే పొరబడి నోటి లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వస్తుంది. నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ. అంటురోగం కాదు. ఒకే గ్లాసులో తాగినా, పిల్లల్ని ముద్దుపెట్టుకున్నా ఎవరికీ అంటదు.

నీకు అనుమానముంటే పట్టపగలు అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చి వేసుకుని చూసుకో. బుగ్గను వేలితో బయటికి లాగు, నాలుక బయటపెట్టి రెండు అంచులూ చూడు, పెదవి ఎత్తి చిగుళ్లు చూడు. శుభ్రమైన తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే ఊడొచ్చే తెల్లటి పూత సాధారణంగా ఫంగస్. ఈ గీతలు తుడిస్తే పోవు. రెండు వైపులా ఒకేలా ఉండటం దీని గుర్తు. ఒకే వైపు, అదీ వెండి రంగు సిమెంటు నింపిన పన్నుకు ఆనుకునే ఉంటే ఆ సిమెంటు పడక కావచ్చు. బీపీకీ షుగరుకీ నొప్పులకీ వాడే కొన్ని మాత్రల వల్ల కూడా ఇలాంటి గీతలే రావచ్చు. అలాగని మాత్రలు నీ అంతట నువ్వు ఆపేయకు. వాటి చీటీలన్నీ డాక్టరుకి చూపించు.

చూడగానే పోల్చుకున్నా, డాక్టరమ్మ వదిన బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. మత్తు సూది ఇచ్చి, పుండు నడిమి నుంచి కాకుండా అంచు నుంచి తీసి, ఒక కుట్టు వేసింది. ముక్క పరీక్ష అనగానే వదిన హడలిపోయింది. అది క్యాన్సర్ ఉందని మాత్రమే చేసే పరీక్ష కాదమ్మా, లేదని తేల్చుకోవడానికి కూడా అదే దారి. చిగుళ్లు ఇలా ఒరిసిపోయే జబ్బులు వేరే ఉన్నాయి, వాటి మందులు వేరు, అవి కావని తేల్చుకోవడానికీ ఈ పరీక్షే.

దీన్ని వేళ్లతో సహా తీసేసే మందు ఇప్పటికి లేదు. మంటను అదుపులో పెట్టే మందులున్నాయి. వదినకి నోట్లో రాసుకునే స్టెరాయిడ్ పేస్టు ఇచ్చారు. రాసే పద్ధతిలోనే ఉంది అంతా. ముందు ఆ చోటు గుడ్డతో అద్ది తడి ఆర్చాలి, పల్చగా రాయాలి, అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. అందుకే తిన్న తర్వాత, పడుకోబోయే ముందు రాసుకోవడం మేలు. తడి మీద రాస్తే ఉమ్ముతో పాటు కొట్టుకుపోతుంది. ఈ మందు వాడేటప్పుడు కొందరికి నోట్లో ఫంగస్ వస్తుంది, అప్పుడు దానికీ మందిస్తారు. గార తీయించుకుని, మెత్తటి బ్రష్‌తో, నురగ తక్కువ వచ్చే ఘాటులేని పేస్టుతో రెండు పూటలా తోముకోవడం మొదలెట్టాక వదిన చిగుళ్లు చల్లబడ్డాయి. కొన్ని వారాలకు చారన్నం తినగలిగింది.

అసలు ముచ్చట ఇక్కడుంది. మంట తగ్గగానే “ఇంక దేనికి, ఆటో ఖర్చు దండగ” అంది వదిన. చాలామంది ఇక్కడే మానేస్తారు. ఈ జబ్బున్న వందమందిలో సుమారు ఒకరికి, ఏళ్లు గడిచాక, ఆ చోట క్యాన్సర్ రావచ్చు. మిగతావాళ్లకు రాదు, కాబట్టి భయంతో నిద్ర మానుకోనక్కర్లేదు. కానీ ఆ ఒక్కరెవరో ముందుగా చెప్పలేం. ఎర్రగా ఒరిసిపోయే రకానికీ, నాలుక మీద వచ్చినదానికీ, చుట్ట, సిగరెట్, జర్దా, మద్యం అలవాటున్నవాళ్లకూ ముప్పు కాస్త ఎక్కువ. చిక్కేమిటంటే ఆ మార్పు మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు. మంటను బట్టి మంచీ చెడూ కొలుచుకుంటే మోసపోతాం.

పిల్లలు పట్టుబట్టి వదినను ఆరు నెలలకోసారి తీసుకెళ్లేవారు. వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ ఫొటోలు తీసి పెట్టేది. అలా ఒకసారి పాత ఫొటో పక్కన కొత్తది పెట్టి చూస్తే, నాలుక అంచున ఒకచోట గీతలు పోయి మందంగా తెల్లటి మచ్చ కట్టింది. వదినకి అక్కడ మంటా లేదు, నొప్పీ లేదు. ముక్క తీసి చూస్తే కణాల్లో కొద్దిపాటి మార్పు మొదలైంది, క్యాన్సర్ కాలేదు. ఆ మచ్చ వరకు తీసేశారు. ఇప్పుడు మూడు నెలలకోసారి పిలుస్తున్నారు. పాత ఫొటో లేకపోతే ఆ తేడా ఎవరి కంటా పడేది కాదు.

రెండు మూడు వారాలైనా మానని పుండు, చేతికి గట్టిగా తగిలే చోటు, గడ్డ, తిమ్మిరి, మెడలో బిళ్ల కట్టడం, ఇలాంటివి కనిపిస్తే ఇచ్చిన తేదీ కోసం ఆగకు, వెంటనే వెళ్లు.

ఇంకొక్క మాట, మనలో మనం చెప్పుకునేది. ఇదే జబ్బు కొందరు ఆడవాళ్లకు మర్మాంగంలో కూడా వస్తుంది. అక్కడ మంట, కలయికలో నొప్పి, రక్తం కనిపించడం ఉంటాయి. వదిలేస్తే మచ్చలు కట్టి దారి ఇరుకవుతుంది. పళ్ల డాక్టరు అడగరు, మనం చెప్పం. నోట్లో ఈ గీతలున్నాయని తేలితే ఆ సంగతి లేడీ డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పు. మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతుంటే అదీ చెప్పు.

మంట ఉన్న రోజు ఎలాగూ వెళ్తావు. మంట లేని రోజు కూడా తేదీ ప్రకారం వెళ్లి నోరు చూపించుకో. ఏడాదికి ఒకసారైనా, ఎర్ర పుండ్లు ఉంటే డాక్టరు చెప్పినట్టు ఇంకా తరచుగా, బతికినంతకాలం.