అబ్‌స్ట్రాక్ట్ కుదించేటప్పుడు ఏ పదం తీసేయకూడదు?

ఢిల్లీలోనో నోయిడాలోనో పరిశోధన చేస్తూ సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ పంపాలంటే తరచూ ఎదురయ్యే పరిమితి 250 లేదా 300 పదాలు. రాసింది 400 దాటితే చాలామంది అన్ని వాక్యాల నుంచీ తలా కొంచెం కోస్తారు. దెబ్బ తగిలేది అక్కడే. కోసే ముందు అసలు ఫలితాన్ని ఒక్క వాక్యంలో రాసి పక్కన పెట్టుకోవాలి. మిగిలిన చోట్లే కత్తెర వేయాలి.

రోటావాక్ టీకా పరీక్షనే చూద్దాం. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువు నుంచి వేరు చేసిన 116ఈ వైరస్‌తో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ఈ టీకా తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది శిశువులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆ ఫలితాన్ని మనలో ఒకరు రాస్తే మొదటి చిత్తు ఇలా ఉండొచ్చు:

‘మా అధ్యయనంలో సేకరించిన సమాచారాన్ని జాగ్రత్తగా విశ్లేషించి చూడగా, టీకా వేయించుకున్న శిశువుల్లో వ్యాధి కేసులు ప్లాసిబో శిశువుల కంటే చెప్పుకోదగ్గ స్థాయిలో తక్కువగా ఉన్నాయని స్పష్టంగా తేలింది.’

21 పదాలు. మొదటి ఏడూ ఏమీ చెప్పవు. ‘చెప్పుకోదగ్గ’ అంటే ఎంతో తెలియదు. ఇప్పుడిది చూడండి:

‘తీవ్ర రోటావైరస్ విరేచనాల కేసులు టీకా బృందంలో 71 (4752 వ్యక్తి-సంవత్సరాలు), ప్లాసిబో బృందంలో 76 (2360), టీకా సామర్థ్యం 53.6% (95% సీఐ 35.0–66.9).’

19 పదాల్లోనే ఫలితమంతా వచ్చేసింది. ఇంకా తగ్గిద్దామని బ్రాకెట్లలోని వ్యక్తి-సంవత్సరాలు తీసేశారనుకోండి. 71, 76 మిగులుతాయి. టీకా పనిచేయలేదేమో అనిపిస్తుంది! ఇద్దరికి టీకా, ఒకరికి ప్లాసిబో చొప్పున ఇచ్చారు కాబట్టి టీకా బృందం రెండింతలు పెద్దది. ప్రతి 100 వ్యక్తి-సంవత్సరాలకు చూస్తే 1.49, 3.22 కేసులు, 53.6% ఆ తేడా నుంచే వచ్చింది. ‘తీవ్ర’ అన్న మాట పోయినా ప్రమాదమే. ఆ అంకె తీవ్ర రోటావైరస్ విరేచనాలకే చెల్లుతుంది. అది లేకపోతే స్వల్పమైన రోటావైరస్ విరేచనాలకూ అంతే రక్షణ ఉందని చెప్పినట్టవుతుంది.

మరి కోత ఎక్కడ? నేపథ్యం ఒక్క వాక్యం చాలు. పద్ధతుల్లో ఎవరిపై, ఎక్కడ, దేనితో పోల్చి, ఏం కొలిచారో ఉంచి, సాఫ్ట్‌వేర్ పేరు, ప్రయోగశాల వివరాలు వదిలేయండి. ముగింపులో ఫలితాన్ని మళ్లీ చెప్పొద్దు; దాని వల్ల ఏం మారుతుందో రాయండి. దుష్ప్రభావాల వాక్యం మాత్రం కోతకు లోబడకూడదు.

పంపే ముందు పోర్టల్ లెక్కనే నమ్మండి. కొన్ని చోట్ల పదాలు కాక అక్షరాలు లెక్కిస్తారు, ఖాళీలతో సహా. చివరగా, మీ పని తెలియని స్నేహితుడికి ఇచ్చి ‘ఎవరిలో, దేనితో పోలిస్తే, ఎంత తేడా?’ అని అడగండి. మూడింటికీ జవాబు దొరక్కపోతే, అవసరమైన పదమేదో మీ కోతలో పోయినట్టే.