సత్సంగంలో పాటెత్తే సోదరికి సరిగమల కాగితం



మన విచారణల్లో చాలాచోట్ల స్త్రీలు వారానికొకసారి ఒకరింట కూడుకొని, వాక్యం చదువుకొని, జపమాల చెప్పుకొని, నాలుగు పాటలు పాడుకుంటారు. ఈ సత్సంగాల్లో పాడేవారికి కొరత లేదు. కొరత ఉన్నదల్లా పాట ఎత్తేవారికే. బాగా పాడే ఆ ఒక్క సోదరి ఊరెళ్తే ఆ వారం పాట కుంటుతుంది. సంగీతం నేర్వనివారు కూడా చూసి పాట ఎత్తగలిగేలా ఒక భక్తిగీతాన్ని సరిగమల్లో ఎలా రాసుకోవాలో ఈ వారం చూద్దాం.

రెండవ వాటికన్ మహాసభ ముగిశాక 1967లో దైవార్చన సంగీతంపై వెలువడిన ఉపదేశ పత్రం ఇందుకు దగ్గరైన మాటే చెప్పింది. చిన్న గాయక బృందం కూడా ఏర్పడలేనిచోట కనీసం ఒకరిద్దరు పాటగాళ్ళకు తర్ఫీదు ఇవ్వాలనీ, వారు సులభమైన వరుసలు ఎత్తి జనాన్ని నడిపించాలనీ దాని సారాంశం. స్వరాలకు పేర్లు పెట్టి పాట నేర్పడం మన శ్రీసభకు కొత్త కాదు. 11వ శతాబ్దంలో ఇటలీలోని గ్విదో అనే మఠవాసి, బప్తిస్మ యోహాను గారిపై ఉన్న లతీను గీతంలోని పాదాల మొదటి అక్షరాలనే స్వరాల పేర్లుగా చేసి పిల్లలకు పాటలు నేర్పారు. మనకు ఆ శ్రమ లేదు. స రి గ మ లు మన నోట ఉన్నవే.

ఉదాహరణకు ఈ పాఠం కోసమే కట్టిన చిన్న పల్లవి తీసుకుందాం.

దీపము చేకొని వచ్చితిమి
దేవా నీ గుడి వాకిటికి

రాగం మోహనం. ఇందులో స రి గ ప ద అనే ఐదే స్వరాలు. మ, ని రెండూ ఉండవు.

మొదట స్వరాల జోలికి పోకండి. బడిలో చదివిన గురువు, లఘువు గుర్తు తెచ్చుకోండి. దీర్ఘాక్షరం గురువు, జంట అక్షరానికి ముందున్నది గురువు, ఈ పల్లవిలో మిగిలినవి లఘువులు. దీ గురువు, పము రెండు లఘువులు. చే గురువు, కొని రెండు లఘువులు. వచ్చితిమి అనే మాటలో జంట అక్షరానికి ముందున్న వ గురువు. ఇప్పుడు చేత్తో ఎనిమిది దెబ్బలు వేస్తూ పాదం చదవండి. గురువుకు ఒక దెబ్బ, రెండు లఘువులకు కలిపి ఒక దెబ్బ. దీ, పము, చే, కొని అనేసరికి నాలుగు దెబ్బలు. వ, చ్చితి అనేసరికి ఆరు. మిగిలింది ఒక్క మి. అది లఘువే అయినా పాటలో సాగి ఏడు, ఎనిమిది దెబ్బలను నింపుతుంది. చూశారా, తాళం సగం పని మన భాషే చేసిపెట్టింది.

ఇంగ్లీషు కీర్తనల వరుసల మీద కూర్చిన తెలుగు పాటలకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. అక్కడ లఘువు మీద వరుస సాగుతుంది, గురువు మీద పరుగెడుతుంది. వాటికి గురులఘువులు వదిలి, పాడుతుండగా దెబ్బ ఏ అక్షరం మీద పడుతుందో విని గుర్తు పెట్టుకోవాలి.

ఇక స్వరాలు. ఒక్కో దెబ్బలో రెండు మాత్రలున్నాయి అనుకోండి. స, రి, గ అని పొట్టిగా రాస్తే ఒక మాత్ర, సా, రీ, గా అని దీర్ఘంగా రాస్తే రెండు మాత్రలు. అక్షరం ఇంకా సాగితే ఒక మాత్రకు కామా, రెండు మాత్రలకు సెమికోలన్. సంగీతం పుస్తకాల్లో ఉండేదీ ఈ పద్ధతే గనుక, రేపు ఎవరైనా గురువు దగ్గర చేరితే మళ్ళీ మార్చుకోనక్కరలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య నిలువు గీత, నాలుగు దెబ్బలకు జంట గీత గీయండి. స్వరం పైన, దాని కిందే సాహిత్యం.

గా | గ రి | సా | రి గ || పా | ప గ | రీ | ; ||
దీ | ప ము | చే | కొ ని || వ | చ్చి తి | మి | ; ||

గా | పా | దా | ప గ || రీ | గ రి | సా | ; ||
దే | వా | నీ | గు డి || వా | కి టి | కి | ; ||

ఈ స్వరాలు కనుక్కోవడమెలా? పాట బాగా వచ్చిన సోదరిని ఒక్కో పాదం నెమ్మదిగా పాడమనండి. హార్మోనియం తెలిసినవారు మెట్టు వెతకాలి. ఇక్కడ చాలామంది పాడినదంతా రాయబోతారు. పాడే సోదరి "దీ" అనేటప్పుడు గొంతు రి నుంచి గ కు జారవచ్చు, "వా" మీద చిన్న కదలిక వేయవచ్చు. అవేవీ రాయవద్దు. గొంతు ఎక్కడ నిలిచిందో ఆ స్వరం ఒక్కటే రాయండి. కదలికలన్నీ రాసిన కాగితం పండితునికి పనికొస్తుంది గాని మన సోదరికి అడవిలా కనిపిస్తుంది. గమకం చెవితోనే వస్తుంది, కాగితంతో రాదు. రాసింది సరిపోయిందా లేదా తెలియాలంటే, ఆమె తన ధోరణిలో పాడుతుండగా రాసిన స్వరాలనే హార్మోనియం మీద మోటుగా వాయించండి. ఎక్కడా పొరపొచ్చెం వినపడకపోతే సరిగా రాసినట్లు. ఒకచోట గొంతు, మెట్టు రెండూ రాసుకున్నట్లుంటే ఆ దెబ్బను మళ్ళీ వెతకండి.

చరణంలో పై స్థాయి స వస్తే దానికి నెత్తిన చుక్క పెట్టడం ఆచారం. ఇక్కడ అచ్చు సౌకర్యం కోసం పక్కన చిన్న గీత పెడుతున్నాను.

పా | గ ప | దా | ప ద || స' స' | ద ప | గా | పా ||
చీ | క టి | బా | ట న || న డి | చి న | వే | ళ ||

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాట కింది స నుంచి పై స వరకు పోతోంది. స ను ఎక్కడ పెట్టాలి? గుడిలో హార్మోనియం వాయించే సోదరుడు చాలాసార్లు తన గొంతుకు కుదిరిన 1 శ్రుతిలో మొదలుపెడతాడు. అదే స మీద స్త్రీలు పాడితే చరణానికి పై స అందక సగంమంది ఊరుకుంటారు, మిగతావారు అరుస్తారు. మా గొంతులు బాగాలేవని వాళ్ళే నొచ్చుకుంటారు. గొంతుల్లో లోపమేమీ లేదు. స పెట్టిన చోటు వారిది కాదు, అంతే. సరిగమలతో రాసుకోవడంలో ఉన్న పెద్ద మేలు ఇదే. స ను ఎక్కడికి జరిపినా కాగితం మీద అక్షరం మారదు.

ఈ పాటకు స్త్రీలు 5 శ్రుతితో మొదలుపెట్టి చూడండి. హార్మోనియంలో మూడు నల్ల మెట్ల గుంపు ఉంటుంది. అందులో మొదటి, రెండవ నల్ల మెట్ల నడుమ ఉన్న తెల్ల మెట్టు 5 శ్రుతి. అదే స. దాని కుడి పక్కది రి, ఆ తర్వాతది గ. ఒక తెల్ల మెట్టు వదలండి. ఆ తర్వాతది ప, దాని పక్కది ద. మళ్ళీ ఒకటి వదిలితే పై స. మోహనం 5 శ్రుతిలో అన్నీ తెల్ల మెట్లే. వయసు మళ్ళినవారు ఎక్కువగా ఉంటే 4 శ్రుతికి దించండి, అక్కడా అన్నీ తెల్లవే. 6 శ్రుతికి పెంచితే మాత్రం రెండు నల్ల మెట్లు వస్తాయి.

శ్రుతి కుదిరిందో లేదో కళ్ళతోనే చెప్పవచ్చు. "నడి" దగ్గర గడ్డాలు పైకి లేస్తే స ఎక్కువైంది. "వాకిటికి" చివరి స దగ్గర గొంతు మాయమై గాలి మాత్రమే వస్తే తక్కువైంది. కుదిరిన శ్రుతి అంకెను కాగితం మీద కుడి మూల పెద్దగా రాయండి. లేకపోతే వచ్చే వారం మళ్ళీ మొదటికొస్తుంది.

ఎత్తే సోదరి మొదట ఆ మెట్టు నొక్కి, స అని ఒక్క ఊపిరి నిలిపి, ఆ పైన స రి గ అని మనసులో అనుకొని గ మీద "దీ" అందుకోవాలి. పాట గ తో మొదలవుతోంది గాని స తో కాదు. విన్న మెట్టునే "దీ" అనుకొని ఎత్తితే పాటంతా కిందికి దిగిపోతుంది. కాగితంలో మొదటి స్వరానికి సున్నా చుట్టమనేది ఇందుకే. అలాగే చరణం చివరి స్వరానికీ సున్నా చుట్టాలి. ఇందులో అది ప. పల్లవి గ తో మొదలు. అంటే తిరిగి వచ్చేటప్పుడు ప నుంచి గ కు దిగాలి. అలవాటు లేనివారు తప్పేది చరణం మధ్యలో కాదు, ఈ మలుపులోనే. ఈ ఒక్క అతుకును పదిసార్లు విడిగా పాడించండి.

మరో రెండు పొరపాట్లు తరచుగా వస్తాయి. మొదటిది, "వచ్చితిమి" తర్వాత ఎనిమిదో దెబ్బ ఆగకుండా "దేవా" అందుకోవడం. డోలక్ వాయించే అమ్మాయి చెయ్యి ఒక దెబ్బ వెనకబడినట్లు కనిపిస్తుంది గాని తొందరపడింది పాటే. కాగితంలో ఆ సెమికోలన్‌ను ఎర్ర సిరాతో దిద్దండి, ఊపిరి తీసుకునే చోటూ అదే. రెండవది, "చ్చితి" దగ్గర ప నుంచి గ కు దూకవలసి ఉండగా మధ్యలో మ దొర్లడం. ఒక్కరు పాడేటప్పుడు అది చెవికి తగలదు. కొందరు మ తో, కొందరు మ లేకుండా పాడితేనే గరగర మంటుంది. అప్పుడు సాహిత్యం వదిలి పా ప గ రీ అని స్వరాలతోనే నాలుగుసార్లు అనిపించండి. నోట ప, గ అనే పేర్లు పలుకుతుంటే మధ్యలో మ కు చోటుండదు.

ఈ కాగితాన్ని అందరికీ పంచడం నాకు సమ్మతం కాదు. చేతిలో స్వరాలుంటే కళ్ళు కాగితం మీదికి, చెవి ఎక్కడికో పోతాయి. ఎత్తే సోదరికి ఒకటి, ఆమె లేనప్పుడు ఎత్తవలసిన సోదరికి ఒకటి చాలు. మిగతావారికి సాహిత్యం ఇవ్వండి, వారు పాదం విని తిరిగి పాడతారు. దీపం వెలుతురులోనూ పెద్దవారికి కనిపించేలా, వేలెడంత అక్షరాలతో అట్ట మీద రాస్తే మరీ మంచిది.

హార్మోనియం లేకుండా పాడిన రోజున పాట చివర ఒక పరీక్ష చేయండి. ఆఖరి "వాకిటికి" స ను అలాగే పట్టి ఉంచి, మొదలుపెట్టిన 5 శ్రుతి మెట్టు నొక్కి చూడండి. ఫోనులోని శ్రుతిపెట్టె అయినా సరే. మూడు చరణాలకు స అర మెట్టో ఒక మెట్టో జారి ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. ఎక్కువగా జారేది పాదం చివర, ఊపిరి అయిపోతున్నప్పుడు రి నుంచి స కు వాలే చోట. అందుకని "నీ గుడి" తర్వాత ఒక చిన్న గుర్తు పెట్టి అక్కడ ఊపిరి తీసుకోమనండి. ఆ మరుసటి వారం మళ్ళీ మెట్టు నొక్కి చూడండి.