రహస్య పత్రం: సంతకానికి ముందు

మా గోదావరిఖనిలో బొగ్గు లారీలను కాంటా మీద తూచి పంపడం మనమందరం నిత్యం చూసేదే. గత వేసవిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థవారు అటువంటి తూకం లెక్కలకు ప్రోగ్రాం రాసిపెట్టమని నన్ను అడిగారు. నేను వారి ఉద్యోగిని కాను, పనికింత అని మాట్లాడుకున్నాం. అయితే పని చూపించే ముందే నాలుగు పేజీల గోప్యతా ఒప్పందం చేతిలో పెట్టారు. అందులోని షరతులు ఎందుకున్నాయో మిత్రులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి షరతు, రహస్యమంటే ఏమిటో చెబుతుంది. వారి ప్రోగ్రాం, ఖాతాదారుల పేర్లు, ధరలు. ఇది స్పష్టంగా లేకపోతే విన్న ప్రతి మాటా రహస్యమే అవుతుంది. నోటితో చెప్పినదాన్ని పదిహేను రోజుల్లో రాసి ఇవ్వాలని నేను చేర్పించాను.

రెండవది, ఆ సమాచారాన్ని ఈ పనికే వాడాలి. మూడవది, పని ముగిశాక అన్నీ తిరిగి ఇవ్వాలి, నా కంప్యూటరులోనివి చెరిపివేయాలి. ఈ రెండూ సంస్థకు రక్షణ, న్యాయమైనవే.

నాలుగవది మినహాయింపులు. లోకానికి తెలిసినది, నాకు ముందే తెలిసినది రహస్యం కాదు. బండి నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసివేస్తే సరుకు బరువు వస్తుందన్నది ఎవరి సొత్తు? కాని ఆ లెక్కకు, రసీదు అచ్చుకు నేను కాలేజీలోనే కోడు రాసి ఉంచుకున్నాను. రేపు అది మాదేనని వారంటే రుజువేది?

మా బాపు అడిగాడు: "కౌలు కాగితంల మన మోటరు మనదేనని రాసుకున్నం గద, గిండ్ల రాసుకున్నవా?"

ఆ రాత్రే నా పాత కోడు భాగాలను తేదీలతో పట్టిక రాసి ఒప్పందానికి జతపరిచాను.

చివరి షరతు వేరు. పని ముగిశాక రెండేళ్లు తూకం ప్రోగ్రాం మరెవరికీ రాయరాదు, తప్పితే ఐదు లక్షలు కట్టాలి. ఇది రహస్యాన్ని కాపాడేది కాదు, బతుకుతెరువును ఆపేది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం వృత్తిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. 74వ సెక్షను ప్రకారం రాసిన మొత్తం పైహద్దే, కోర్టు దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పిస్తుంది. చెల్లదు కదా అని సంతకం పెడితే మాత్రం, నోటీసు వచ్చిన రోజున వకీలు ఫీజు మనదే. కొట్టివేయమని అడిగాను. రెండు రోజులు ఆలోచించి కొట్టివేశారు, ఇద్దరమూ పక్కన పొట్టి సంతకాలు చేశాం.

ఇంటికి రాగానే బాపు అడిగిందొకటే: "రెండో కాపీ మన దగ్గరున్నదా?"

ఉంది. పట్టా పాసుపుస్తకంతో పాటు పెట్టెలో ఉంది.