బొమ్మ ఎంతవరకు చెప్పాలి?

చి. సునీతకు,

నువ్వు పంపిన ఒకటో తరగతి వర్క్‌షీట్ చూశాను. దాహం వేసిన కాకి కథ, పక్కన బొమ్మ, కింద నాలుగు ప్రశ్నలు. ముచ్చటగానే ఉంది కానీ, ఆ కాగితాన్ని ఒక్క ముక్క చదవకుండా పూర్తి చేసేయొచ్చు. కాకి కథ చాలామంది పిల్లలకు ముందే వచ్చు. రానివాళ్లకు కుండ, గులకరాళ్లు, కాకి అన్నీ బొమ్మలోనే కనిపిస్తున్నాయి. నాలుగు జవాబులూ సరిగ్గా వచ్చినా పిల్ల చదివిందో లేదో నీకు తెలియదు.

అందుకే వాళ్లు వినని కథ నువ్వే అల్లాలి. ఈ వయసులో గుణింతాలు పట్టుబడ్డా ఒత్తుల దగ్గర తడబడతారు. మనం రోజూ వాడే క్రియల్లోనేమో ఒత్తులు దండిగా ఉంటాయి: వచ్చింది, ఎక్కింది, తిన్నది, ఇచ్చింది. కథ ముందు రాసుకుని తర్వాత మాటలు మార్చబోతే అతుకులు తేలతాయి. పడింది, ఆగింది, దూకింది, చూసింది, దూరింది లాంటి ఒత్తులేని క్రియలు ముందు ఏరుకుని, వాటితో కథ కట్టు. నేను ఒకటి రాశాను చూడు:

వాన పడింది.
మేక తడిసింది.
మేక పాకలోకి దూరింది.
పాకలో ఆవు ఉంది.
ఆవు జరిగింది.

మొత్తం పన్నెండు మాటలు, ఒక్క ఒత్తు లేదు. వాక్యానికో వరుస ఇవ్వు, అక్షరాలు పెద్దవిగా ఉండనీ. 2021లో మొదలైన నిపుణ్ భారత్ ప్రకారం ఒకటో తరగతి పిల్లలు నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలను చదవగలగాలి, అదీ ముందు చూడని పాఠంలో. ఇలా రెండు మూడు మాటలతో మొదలుపెట్టి ఏడాది చివరికి అక్కడికి చేర్చు.

ఇక బొమ్మల సంగతి. కథ దగ్గర రెండే వెయ్యి: మొదటి వాక్యం పక్కన మబ్బు, వాన, మూడో వాక్యం పక్కన ఖాళీ పాక. తండా నుంచి వచ్చే లంబాడీ పిల్లకు 'పాక' అని చదవడం వచ్చినా అదేమిటో తెలియకపోవచ్చు. పట్నం పిల్లాడిదీ అదే పరిస్థితి. అక్కడ బొమ్మ అవసరం. మేకనూ ఆవునూ మాత్రం కథ పక్కన వెయ్యకు. ఎవరు తడిశారో, లోపల ఎవరున్నారో పిల్లకు అక్షరాలే చెప్పాలి. బొమ్మలన్నీ నల్లగీతలతోనే వెయ్యి. జిరాక్సులో రంగులు బూడిదైపోతాయి.

ఆ మేక, ఆవు ప్రశ్నల దగ్గరికి వస్తాయి. "ఏది తడిసింది?" అని అడిగి మేక, ఆవు, కోడి బొమ్మలిచ్చి, సరైనదానికి సున్నా చుట్టమను. రాయడం రాని పిల్ల చదవడం రానిదానిలా కనబడకూడదు కదా. రెండో ప్రశ్న "పాకలో ఏది ఉంది?" అని పెట్టావంటే చిక్కే. మేక కూడా లోపలికి దూరింది కాబట్టి రెండూ సరైనవే అవుతాయి. "మేక రాకముందు పాకలో ఏది ఉంది?" అని అడుగు. మూడు బొమ్మల్లో ఒకటి గుడ్డిగా చుట్టినా తగలొచ్చు కాబట్టి, "ఏ వరుసలో ఉంది? వేలు పెట్టి చూపించు" అను. కథ జరిగిన వరుసలో బొమ్మలకు 1, 2, 3 అంకెలు వేసే పని కాగితం వెనకవైపు ఉండాలి. ముందువైపే ఉంటే తడిసిన మేక బొమ్మ మొదటి ప్రశ్నకు జవాబు అందించేస్తుంది.

"ఆవు ఎందుకు జరిగింది?" అన్నది నోటితోనే అడుగు. కథలో ఆ కారణం రాసి లేదు. మేకకు చోటివ్వడానికి అనొచ్చు, తన మీద తడి అంటకుండా అనొచ్చు. కథతో పొసగే జవాబేదైనా ఒప్పుకో. "ఆవుకు ఆకలేసింది" అంటే మాత్రం, కథలో అలా ఎక్కడుందో అడుగు.

జిరాక్సు తీయించే ముందు ఒక పరీక్ష చెయ్యి. కథ వాక్యాలు కనబడకుండా కాగితం మడిచి, బొమ్మలూ ప్రశ్నలూ మాత్రం ఇద్దరు ముగ్గురు పిల్లలకు చూపించి అడుగు. జవాబులు టకటకా సరిగ్గా వస్తే ఎక్కడో బొమ్మ జవాబు చెప్పేస్తోందన్నమాట.

తరగతిలో ఎవరైనా తప్పితే వెంటనే ఇంటూ కొట్టకు. కథ నువ్వు చదివి వినిపించి అదే ప్రశ్న మళ్లీ అడుగు. విన్నాక చెప్పగలిగితే కథ అర్థమవుతోంది, అక్షరాలే అడ్డుపడుతున్నాయి. విన్నా చెప్పలేకపోతే మాటలకు అర్థం తెలియదు, లేదా నీ ప్రశ్న అర్థం కాలేదు. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను పలకడం, విన్న భాష అర్థం కావడం రెండూ కలిస్తేనే అని గఫ్, టన్మర్ 1986లో చెప్పింది ఇదే. మొదటి పిల్లకు గుణింతాల సాధన కావాలి, రెండో పిల్లతో మాట్లాడించాలి. ఆ ఇద్దరికీ మళ్లీ ఇదే కాగితం ఇస్తే లాభం లేదు.

ఈసారి కథ మార్చి పంపు. పిల్లల జవాబుల కాగితాలు కూడా నాలుగు జతచెయ్యి, తప్పులున్నవే పంపు.

మీ సావిత్రి అత్తయ్య