రాత్రి సీన్లో మొఖాలు కనబడాలంటే

బాన్సువాడలో టీవీల పని పట్టుకుని చాలా ఏళ్లయింది. పిక్చర్ ట్యూబులు పోయి ఎల్ఈడీ ప్యానెళ్లు వచ్చినా ఇళ్లలో వినబడే మాట మారలేదు: "కాకా, రాత్రి సీన్ల మొఖాలే కనవడ్తలేవు." చాలాసార్లు టీవీలో లోపమేమీ ఉండదు. దుకాణంలో ట్యూబ్‌లైట్ల కింద మెరవాలని పెట్టిన సెట్టింగులే ఇంట్లోనూ నడుస్తుంటాయి.

1. సినిమా పెట్టి సెట్ చేయొద్దు. ఆ సీను ఎంత చీకటిగా తీశారో మనకు తెలియదు కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియదు. టెస్ట్ ప్యాటర్న్‌లో ఏ గీత కనబడాలో, ఏది కనబడకూడదో ముందే తెలుసు. నెట్‌లో AVS HD 709 అని వెతికితే ఉచితంగా దొరుకుతుంది. ఎంపీ4 రకం దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టండి.

2. పిక్చర్ మోడ్‌ను మూవీ లేదా సినిమాకు మార్చండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో సెన్సర్ ఆపేయండి. ఇవి నడుస్తుంటే మీరు తిప్పినదాన్ని టీవీ తనంతట తానే మార్చేస్తుంది. టీవీని అరగంట నడవనిచ్చి, రోజూ సినిమా చూసే వేళకే, అదే లైటులో, కూర్చునే చోటునుంచే చూడండి. పక్కకు జరిగితే చాలా ప్యానెళ్లలో నలుపు మారిపోతుంది.

3. మొదట నలుపు. వీడియోలో వెలుగుకు అంకెలుంటాయి: 16 అంటే పూర్తి నలుపు, 235 అంటే పూర్తి తెలుపు. బ్లాక్ క్లిప్పింగ్ ప్యాటర్న్‌లో నిలువు గీతలు మిణుకుమిణుకుమంటుంటాయి, కింద అంకెలుంటాయి. 16, అంతకు తక్కువవి నలుపులో కలిసిపోవాలి. 17 లీలగా కనబడాలి. గదిలో కొంచెం వెలుతురుంటే 18 నుంచి కనబడినా సరిపోతుంది.

ఈమధ్య ఓ ఇంట్లో 43 అంగుళాల టీవీలో బ్రైట్‌నెస్ 50 మీద ఉంది, గీతలు 21 నుంచే కనబడుతున్నాయి. అంటే 17 నుంచి 20 దాకా ఉన్నదంతా, చీకట్లో జుట్టు, నల్లచీర మడతలు, ఒకే మసిముద్ద. ఒక్కో అంకె పెంచుకుంటూ పోతే 54 దగ్గర 17 లీలగా తేలింది. ఇంకా పెంచితే 16 కంటే తక్కువ గీతలూ కనబడి నలుపంతా బూడిదరంగయ్యేది.

ఇక్కడ పేర్ల చిక్కొకటుంది. కొన్ని కొత్త టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే వెనక లైటు. నలుపును మార్చేది బ్లాక్ లెవెల్ లేదా షాడో డీటెయిల్ అన్న పేరుతో ఉంటుంది. తెల్లని బొమ్మ పెట్టి తిప్పి చూడండి. తెలుపు బాగా తగ్గి పెరుగుతుంటే అది వెనక లైటే. దాన్ని గది వెలుతురుకు, కంటికి హాయిగా ఉండేట్టు పెట్టుకుంటే చాలు.

4. తెలుపుకు కాంట్రాస్ట్. వైట్ క్లిప్పింగ్ ప్యాటర్న్‌లో కనీసం 234 దాకా గీతలు విడివిడిగా తెలియాలి, పైవి కూడా కనబడితే ఇంకా మంచిది. ఆ ఇంట్లో కాంట్రాస్ట్ 95, గీతలు 231 దగ్గరే ఆగిపోయాయి. తెల్లపంచె మీద మడత కనబడకపోవడానికి కారణం అదే. 88కి దించితే 240 దాటి కనబడ్డాయి. కాంట్రాస్ట్ తిప్పితే నలుపు కూడా కొంచెం కదులుతుంది కాబట్టి మళ్లీ మూడో పనికి వెళ్లి సరిచూడాలి.

5. పెన్‌డ్రైవ్‌తో కుదిరింది కదా అని సెట్‌టాప్ బాక్స్‌కూ కుదిరిందనుకోవద్దు. చాలా టీవీల్లో ఒక్కో ఇన్‌పుట్‌కు సెట్టింగులు వేరుగా ఉంటాయి. ఆ ఇంట్లోనే ఇదీ జరిగింది: పెన్‌డ్రైవ్‌లో బొమ్మ బాగానే ఉంది, బాక్స్ పెడితే పొగమంచు పరిచినట్టుంది. బాక్స్ 16 నుంచి 235 వరకే పంపుతోంది. టీవీ మాత్రం 0 నుంచి 255 వస్తుందనుకుని, 16ను బూడిదరంగుగా చూపిస్తోంది. HDMI Black Level అన్నచోట నార్మల్ తీసి లో పెడితే సరిపోయింది. టీవీని బట్టి ఈ పేర్లు మారతాయి. దీని ఎదురు తప్పు కూడా ఉంది: బాక్స్ పూర్తి పరిధి పంపితే, టీవీ తక్కువది ఆశిస్తే, చీకటంతా మసైపోతుంది.

గుర్తుపట్టడం తేలికే. సినిమాకు పైనా కిందా వచ్చే నల్లపట్టీలు పూర్తి నలుపు. అవి పెన్‌డ్రైవ్‌లో ఒకలా, బాక్స్‌లో ఇంకా తెల్లబారి కనబడితే తేడా పరిధిదే. బ్రైట్‌నెస్‌ను పది, పదిహేను అంకెలు దించితే తప్ప కుదరడం లేదన్నా అనుమానం దీని మీదే రావాలి. బ్రైట్‌నెస్‌తో దాన్ని కప్పేస్తే కాంట్రాస్ట్ చెడుతుంది.

6. కొన్ని ఎల్ఈడీ ప్యానెళ్లలో, ముఖ్యంగా ఐపీఎస్ రకంలో, గది చీకటి చేస్తే నలుపు కొంచెం మెరుస్తూనే ఉంటుంది. ప్యాటర్న్‌తో దాన్ని మార్చలేం. టీవీ వెనక గోడమీద చిన్న లైటు వేసుకుంటే కంటికి తక్కువ తెలుస్తుంది. రంగుల సరిచూపుకు మీటరు కావాలి, కంటితో అయ్యేది కాదు. హెచ్‌డీఆర్ సినిమాలకు సెట్టింగులు వేరు, పైన చెప్పిన అంకెలు వాటికి పనికిరావు. కుదిరిన అంకెలను ఇన్‌పుట్‌వారీగా కాగితం మీద రాసి టీవీ వెనక అంటించండి. రీసెట్ అయినప్పుడు మళ్లీ మొదటినుంచి వెతకక్కర్లేదు.